కొళాయిలన్నీ కట్టేసినా మీటర్ తిరుగుతుంటే లీకు పట్టుకునే పద్ధతి

అక్కా, బావగారూ,

మీరు పంపిన మీటర్ వీడియో చూశాను. పై పోర్షన్ వాళ్ళు కూడా కొళాయిలు కట్టేశారన్నారు, అయినా ముల్లు ఆగలేదు. ప్లంబర్‌ను పిలిచి బాత్రూమ్ టైల్స్ పగలగొట్టించే ముందు ఇది చదవండి. నాకైతే మీ బాత్రూమ్ మీద అంత అనుమానం లేదు.

కారణం చెప్తాను. గేటు దగ్గరున్న జలమండలి మీటర్ సంప్‌లోకి వెళ్ళే నీళ్ళను మాత్రమే లెక్కపెడుతుంది. సంప్ నుంచి మోటార్ తోడితే నీళ్ళు మిద్దె మీద ట్యాంక్‌కి పోతాయి, అక్కడి నుంచి కొళాయిలకు వస్తాయి. కావేరి నీళ్ళు వదిలినప్పుడు సంప్ నిండేదాకా మీటర్ తిరుగుతూనే ఉంటుంది, మీరు కొళాయిలు కట్టినా, కట్టకపోయినా. రామమూర్తినగర్‌లో మీది ఒక్క ఇల్లే కాదు, బెంగళూరులో సంప్ ఉన్న సొంత ఇళ్ళన్నిటికీ దాదాపు ఇదే లెక్క. అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో విడిగా పెట్టే మీటర్ ట్యాంక్ తర్వాత ఉంటుంది కాబట్టి అక్కడ కొళాయిలు కట్టి చూడడం సరిపోతుంది. మీకు సరిపోదు.

అందుకని ఇంటిని మూడు ముక్కలు చేసి చూద్దాం: మీటర్ నుంచి సంప్ దాకా, సంప్, ట్యాంక్ నుంచి కిందికి.

మొదటి ముక్క. నీళ్ళు వదిలే రోజే చేయాలి. వదిలిన వెంటనే మాత్రం వద్దు, ఖాళీ పైపులోని గాలి తోసుకొచ్చి కూడా మీటర్‌ను గిర్రున తిప్పుతుంది. అరగంట ఆగండి. సంప్ మూత తీసి, నీళ్ళు నిండగానే పైపును మూసే బాల్ కాక్ ఉంటుంది, దాని బంతిని కొక్కెం ఉన్న కర్రతో పైకి ఎత్తి పట్టుకోండి. సంప్‌లోకి నీళ్ళు పడడం పూర్తిగా ఆగాలి. బావగారు అక్కడ కర్ర పట్టుకుంటే, అక్కా, నువ్వు మీటర్ దగ్గర నిలబడు. అంకెల పక్కన చిన్న నక్షత్రంలాంటి చక్రం ఉంటుంది, కొద్దిపాటి నీరు కదిలినా అది కదులుతుంది. అది ఆగిపోతే గేటు నుంచి సంప్ దాకా పైపు బాగున్నట్టే. సంప్‌లోకి ఒక్క చుక్క కూడా పడకుండా చక్రం తిరుగుతూనే ఉంటే లీకు ఆ పోర్టికో కింద పైపులోనే ఉంది, ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

బాల్ కాక్ సరిగా మూయకపోతే సంప్ దగ్గరున్న గేట్ వాల్వ్ కట్టండి. మీటర్ పక్కనున్న వాల్వ్ కడితే ప్రయోజనం లేదు, లీకు ఉన్నా లేకపోయినా అంతా ఆగిపోతుంది.

ఎంత పోతోందో కూడా అప్పుడే లెక్క కట్టొచ్చు. ×0.0001 అని రాసి ఉన్న ఎర్ర ముల్లు ఒక చుట్టు తిరిగితే ఒక లీటరు. రెండు నిమిషాలకో చుట్టు అంటే గంటకు 30 లీటర్లు. నీళ్ళు రోజు మార్చి రోజు కొన్ని గంటలే వస్తాయి కాబట్టి ఈ లీకు వల్ల బిల్లు మరీ ఆకాశానికి ఎక్కదు. నాకు భయం బిల్లు గురించి కాదు. సరఫరా ఆగిపోయాక పైపులో ఒత్తిడి ఉండదు, అప్పుడు అదే చిల్లులోంచి చుట్టూ ఉన్న మురికి లోపలికి వస్తుంది. మొదట వచ్చే నీళ్ళు వాసనొస్తున్నా, రంగు మారినా ఆ నీళ్ళు తాగొద్దు, వంటకు వాడొద్దు, వెంటనే జలమండలి నంబరు 1916కి ఫోన్ చేసి చెప్పండి.

రెండో ముక్క, సంప్. బాల్ కాక్ వాషర్ అరిగిపోయి ఉంటే నీళ్ళు నిండాక కూడా పడుతూనే ఉంటాయి, పొంగింది ఓవర్‌ఫ్లో పైపులోంచి చప్పుడు లేకుండా డ్రైనేజీలోకి పోతుంది. నా అనుమానమంతా ఇక్కడే. నీళ్ళు వచ్చే రోజు సంప్ నిండాక టార్చ్ వేసి ఓవర్‌ఫ్లో పైపు మూతి దాకా నీళ్ళు ఉన్నాయేమో చూడండి. ఉంటే ముందు బాల్ కాక్ మార్పించండి, దానికి పెద్దగా ఖర్చు కాదు.

అక్కడ బాగుంటే రాత్రి పరీక్ష చేయండి. నీళ్ళు రాని రోజు పదకొండింటికి మోటార్ స్విచ్ కట్టేసి, సంప్ దగ్గరి గేట్ వాల్వ్ కూడా మూసి, ఒక కర్రను అడుగు దాకా నిలబెట్టి నీళ్ళు తగిలిన చోట గీత పెట్టండి. పొద్దున మళ్ళీ చూడండి. మీ సంప్ రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు అన్నారు. ఒక సెంటీమీటర్ తగ్గితే 30 లీటర్లు. మూత వేసి ఉంటే అంత నీరు ఆవిరైపోదు, గోడలోనో అడుగులోనో చీలిక ఉన్నట్టు. నీళ్ళు తగ్గకుండా పెరిగితే ఇంకా టెన్షన్, బయటి నీరు లోపలికి ఊరుతోందేమో చూడాలి.

ఏ కారణానికైనా సంప్‌లోకి ఎవరూ దిగొద్దు, పనివాడిని కూడా దింపొద్దు. మూసి ఉన్న తొట్టిలో గాలి చాలక మనుషులు పోతున్నారు. మూత తెరిచినప్పుడు చిన్నోడు అటువైపు రాకుండా చూడండి.

మూడో ముక్క మీటర్‌కి నేరుగా కనబడదు. ట్యాంక్ మాటిమాటికీ ఖాళీ అయితే మోటార్ ఎక్కువ ఆడుతుంది, సంప్ ఎక్కువ నీళ్ళు తాగుతుంది, అప్పుడు బిల్లు పెరుగుతుంది. ట్యాంక్ కింద మూడు వాల్వులు ఉంటాయి: మీ పోర్షన్, పై పోర్షన్, సోలార్. రాత్రి మూడూ కట్టి, ట్యాంక్‌లో నీటి మట్టం గుర్తు పెట్టుకోండి. తగ్గితే ట్యాంకో, వాల్వులో. తగ్గకపోతే మరుసటి రాత్రి ఒక్క వాల్వే తెరవండి, ఆ తర్వాతి రాత్రి ఇంకొకటి. ఏ లైన్ తెరిచిన రాత్రి మట్టం తగ్గిందో దొంగ ఆ లైన్‌లోనే. ఆ రాత్రి ఎవరూ నీళ్ళు వాడకూడదు, పై వాళ్ళకు ముందే చెప్పి రెండు బకెట్లు పట్టుకోమనండి.

లైన్ తెలిశాక మొదట ఫ్లష్ ట్యాంక్ చూడండి, గోడ జోలికి పోకండి. ఫ్లష్ ట్యాంక్‌లో నాలుగు చుక్కలు నీలిమందు వేసి అరగంట ఫ్లష్ చేయకుండా ఉంచండి. కమోడ్‌లోకి నీలం దిగితే రబ్బరు పోయినట్టు. తర్వాత వాటర్ ప్యూరిఫయర్: దాని డబ్బా నిండాక కూడా వేస్ట్ పైపులోంచి సింక్‌లోకి నీళ్ళు కారుతున్నాయా? సోలార్ లైన్ అయితే మిద్దె మీద పైకి లేచిన గాలి పైపులోంచి వేడినీళ్ళు పొంగుతున్నాయేమో చూడండి. గీజర్ కింద సేఫ్టీ వాల్వ్ కూడా.

ఇవేవీ కాకపోతే అప్పుడు గోడ. పెయింట్ ఉబ్బిన చోటు, టైల్ తట్టితే డొల్లగా మోగే చోటు, చెప్పుల్లేకుండా నడిస్తే వెచ్చగా తగిలే నేల, ఇవి గుర్తు పెట్టుకోండి. రాత్రి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పొడవాటి స్క్రూడ్రైవర్ మొన పైపు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే సన్నటి బుస వినిపిస్తుంది. ప్లంబర్‌తో ముందే మాట్లాడుకోండి: పగలగొట్టే ముందు ఆ లైన్‌కి చేతి పంపుతో ప్రెజర్ పెట్టి, గేజ్ ముల్లు అరగంటలో పడిపోతోందా అని చూపించాలి. చూపించనంటే వేరేవాణ్ణి పిలవండి.

అన్నీ బాగున్నట్టు తేలితే మీటర్ మీదే అనుమానం. సంప్‌లో పడే పైపు కింద 20 లీటర్ల క్యాన్లు రెండు పట్టి నింపండి, చుక్క కూడా సంప్‌లోకి పోకూడదు. మీటర్ 40 లీటర్లకు దగ్గరగా చూపాలి. బాగా ఎక్కువ చూపితే, ముందు, తర్వాత తీసిన రీడింగ్ ఫొటోలతో జలమండలికి ఫిర్యాదు చేయండి. మీటర్‌కి ముందు, రోడ్డు వైపు తడి కనబడినా వాళ్ళకే చెప్పాలి. మీటర్ తర్వాతిది మాత్రం మన ఖర్చే.

బాల్ కాక్ సంగతి ఈసారి నీళ్ళు వచ్చినప్పుడే చూసి, మీటర్ వీడియో మళ్ళీ పంపండి.