ఏటి ఒడ్డు నుంచి రోడ్డు పక్కకు: ఒక పట్టణం 1985, 2020 పటాల పోలిక

ఈ నివేదికలో పోల్చినవి ఒకే పట్టణానికి చెందిన రెండు పటాలు. ఒకటి 1985 నాటిది, రెండోది 2020 నాటిది. రెండింటి స్కేలూ 1:10,000. పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద వంద మీటర్లతో సమానం. ఒక చదరపు సెంటీమీటరు అంటే సరిగ్గా ఒక హెక్టారు కాబట్టి, ట్రేసింగ్ కాగితం మీద సెంటీమీటరు గళ్లు గీసి, సగానికి పైగా నిండిన గళ్లను లెక్కబెట్టి విస్తీర్ణాలు రాబట్టాను. అంచుల దగ్గర ఒకటి రెండు హెక్టార్లు అటూ ఇటూ అయినా మొత్తం చిత్రం మారదు.

మొత్తంగా చూస్తే ముప్పై అయిదేళ్లలో కట్టడాలున్న నేల 110 హెక్టార్ల నుంచి 290 హెక్టార్లకు పెరిగింది. అంతకంటే ముఖ్యమైన మార్పు ఊరి మధ్యభాగం చోటు మారడం. 1985లో ఊరు పడమటనున్న నదిని ఆనుకుని ఉంది. 2020 నాటికి తూర్పున బైపాస్ రోడ్డు వైపు తిరిగింది.

పాత పటంలో నది పడమటి అంచున ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. దాని మీద ఒకే వంతెన ఉంది. వంతెన దిగగానే మార్కెట్, దాని పక్కనే బస్టాండు, ఆ వెనక ఒకదాన్నొకటి ఒరుసుకున్న ఇళ్లు. అక్కడి నుంచి ప్రధాన రహదారి నేరుగా తూర్పుకు సాగి, 1.4 కిలోమీటర్ల దూరంలో రైల్వే స్టేషన్ దగ్గర ముగుస్తుంది. పట్టాలు దాటితే అన్నీ పొలాలే. వాటి మధ్య ఒక బండ్లబాట మెలికలు తిరుగుతూ పోతుంది. పట్టణానికి దక్షిణాన 12 హెక్టార్ల చెరువు ఉంది. తూర్పు పొలాల్లో పుట్టిన వాగు పట్టాల కింది చిన్న వంతెన గుండా వచ్చి ఆ చెరువులో కలుస్తుంది. చెరువు అలుగు నీరు నదిలోకి పోతుంది.

కొత్త పటంలో మొదట కంటికి తగిలేది రైలు పట్టాలకు 900 మీటర్ల తూర్పున, వాటికి సమాంతరంగా గీసిన మందమైన ఎర్రగీత. అదే బైపాస్. మిగతా మార్పులన్నీ దాన్నే అంటిపెట్టుకుని ఉన్నాయి. స్టేషన్ పక్కన లెవెల్ క్రాసింగ్ పోయి ఫ్లైఓవర్ వచ్చింది. అది బైపాస్‌ను కలిసే కూడలిలోకి బస్టాండు తరలివెళ్లింది. పట్టాలకూ బైపాస్‌కూ మధ్య పొలాల్లో 120 హెక్టార్లు ఇళ్ల లేఅవుట్లయ్యాయి. ఈశాన్యాన 34 హెక్టార్లలో పారిశ్రామికవాడ వెలిసింది. కొత్తగా కట్టడాలు వచ్చిన 180 హెక్టార్లలో పట్టాలకు పడమట ఉన్నది 26 మాత్రమే. రోడ్డు ముందు వచ్చి ఊరు దాని వెంట నడిచిందా, ఊరు పెరుగుతోందని రోడ్డు వేశారా అన్నది రెండు పటాలతో తేలదు, మధ్య సంవత్సరాల పటం కావాలి. అయినా లేఅవుట్ల వీధులన్నీ బైపాస్ వైపే తెరుచుకుని, పట్టాల వైపు మూసుకుపోయి ఉండటం చూస్తే మొదటిదే నిజమనిపిస్తోంది.

నది ఒడ్డున జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పాత వంతెనకు 600 మీటర్ల దిగువన కొత్త వంతెన వచ్చింది. పాతదాన్ని ఇప్పుడు కాలినడక గుర్తుతో చూపించారు. మార్కెట్ ఉన్నచోట సగం పార్కు, సగం వాహనాలు నిలిపే స్థలం. పాత ఇళ్ల వీధులు, బడి ఉన్నచోటే ఉన్నాయి. ఆసుపత్రి కూడా కదలలేదు, కాస్త పెద్దదైంది.

నేను ఎక్కువసేపు ఆగి చూసింది చెరువు దగ్గర. 12 హెక్టార్లున్న చెరువు ఇప్పుడు 5 హెక్టార్లే. మిగిలిన ఏడింటిలో క్రీడామైదానం, కొన్ని వరుసల ఇళ్లు ఉన్నాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చెరువు విస్తీర్ణం కాలాన్నిబట్టి మారుతుంది, నిండుకుండలా ఉన్నప్పటి అంచును ఎండాకాలపు అంచుతో పోల్చకూడదు. అదృష్టవశాత్తూ రెండు పటాల సంకేతాల పట్టికలూ పూర్తిమట్టం అంచునే నీలి గీతతో చూపుతున్నాయి కాబట్టి ఈ పోలిక చెల్లుతుంది. మరో సంగతి, పాత పటంలో చెరువు ఎగువ అంచు వెంట వంపు తిరిగిన, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే 50 మీటర్ల సమోన్నత రేఖ కొత్త పటంలోనూ అదే వంపుతో, ఈసారి ఇళ్ల వెనగ్గా పోతోంది. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. నేలను పెద్దగా ఎత్తు చేయకుండానే కట్టి ఉండాలి, లేదా కొత్త పటం తయారుచేసినవారు పాత సర్వే రేఖలనే తిరిగి వాడి ఉండాలి. మొదటిదే నిజమైతే ఆ ఇళ్లు ఇప్పటికీ చెరువు పల్లంలోనే ఉన్నట్టు. ఈ ఒక్క విషయమైనా నేల మీదికి వెళ్లి మట్టం కొలిచి తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

వాగును చూస్తే ఆ ఆందోళన ఇంకా పెరుగుతుంది. కొత్త పటంలో నీలి గీత తూర్పు నుంచి వచ్చి బైపాస్ దగ్గర తెగిపోతుంది. 350 మీటర్ల తర్వాత ఒక వీధి పక్కన, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా మళ్లీ కనిపిస్తుంది. మధ్యలో అది రోడ్డు, ఇళ్ల కింద కల్వర్టులోనో పైపులోనో పారుతుండాలి. నేలవాలు తూర్పు నుంచి పడమటికి ఉంది, బైపాస్ దగ్గర సుమారు 65 మీటర్లు, నది ఒడ్డున 45. పొలంలో పడిన వానలో కొంత నేలలోకి ఇంకుతుంది. కప్పుల మీద, సిమెంటు మీద పడింది దాదాపు అంతా వెంటనే దిగువకు పరుగెడుతుంది. ఎగువన 120 హెక్టార్ల పొలాలు ఇళ్లుగా మారాయి, నడుమ వాగు ఇరుకైంది, దిగువన చెరువు సగం కంటే తక్కువ మిగిలింది. ఈ మూడూ ఒకే నీటి దారి మీద ఉన్నాయి. వరద వచ్చిందని పటం చెప్పదు, నేనూ చెప్పడం లేదు. కానీ నీరు నిలిచే చోటు తగ్గి, వచ్చే నీరు పెరిగిందన్నది పటంలో స్పష్టంగా ఉంది.

రెండు పటాలు తయారైన తీరు ఒకటి కాదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. పాతది నేల మీద తిరిగి చేసిన సర్వే, కొత్తది ప్రధానంగా ఉపగ్రహ చిత్రాల నుంచి గీసినది. పాతదాంట్లో కాలిబాటలున్నాయి, కొత్తదాని పట్టికలో పొలాల్లోని కాలిబాటలకు గుర్తే లేదు. కాబట్టి నది వెంట ఉన్న కాలిబాటలు ఇప్పుడు కనిపించడం లేదంటే అవి పోయాయని కాదు. అందుకే వాటిని ఈ పోలికలో లెక్కలోకి తీసుకోలేదు.

బండ్లబాట సంగతి మాత్రం వేరు. ట్రేసింగ్ కాగితం మీద దాన్ని ఎత్తి రాసుకుని కొత్త పటం మీద పరిచాను. గళ్ల కాగితంలా తిన్నగా ఉన్న లేఅవుట్ వీధుల మధ్య ఒకే ఒక్క వీధి వంకరగా పోతోంది. రెండు మలుపులూ ఆ బాట మలుపులతో అచ్చంగా కలిశాయి. పొలాల హద్దులన్నీ చెరిగిపోయినా బండి చక్రాలు వేసిన ఆ దారి పక్కనే ఇప్పటికీ ఇళ్లు వరుసకట్టి ఉన్నాయి.