గుంటపుస్తకం యాప్ ట్రయల్: రమణయ్య గారికి మూడు మెయిళ్లు

3వ రోజు, బుధవారం
సబ్జెక్ట్: రమణయ్య గారూ, ఒక్క గుంటతో మొదలుపెడదాం

రమణయ్య గారూ, నమస్తే.

మొన్న సోమవారం మీరు 14 రోజుల ఉచిత ట్రయల్ తీసుకున్నారు. ఇంకా ఒక్క గుంట వివరాలు కూడా యాప్‌లో ఎక్కించలేదు. ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతులకు తీరిక ఎంత ఉంటుందో నాకు తెలుసు. రాత్రంతా ఏరేటర్ల మీద కన్నేసి ఉంచాలి, తెల్లారగానే మేత చూసుకోవాలి.

నాలుగు గుంటలూ ఇప్పుడే ఎక్కించనక్కర్లేదు. ఒక్క గుంటకు సీడ్ వదిలిన తేదీ, ఎన్ని పిల్లలు వదిలారు, ఇప్పటిదాకా ఎంత మేత వేశారు అన్నవి చాలు. టైప్ చేయడం ఇబ్బందైతే మీ నోటుబుక్కులో ఆ పేజీ ఫోటో తీసి ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి, నేనే ఎక్కిస్తాను.

సుధీర్
గుంటపుస్తకం, నెల్లూరు

7వ రోజు, ఆదివారం
సబ్జెక్ట్: 960 కిలోల మేతకు ఎంత రొయ్య పెరిగింది?

రమణయ్య గారూ,

ఒక లెక్క చూడండి. గుంటలో లక్ష వనామీ పిల్లలు వదిలారనుకుందాం. విసురువల వేసి చూస్తే కౌంట్ 100 వచ్చింది, అంటే రొయ్య సగటున 10 గ్రాములు. 80 శాతం బతికాయనుకుంటే గుంటలో 800 కిలోల సరుకు ఉన్నట్టు. వేసిన మేత 960 కిలోలు. ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు పట్టిన మేత, 1.2 కిలోలు, సంతోషమే.

కానీ నిజంగా బతికింది 65 శాతమే అయితే? సరుకు 650 కిలోలే, ఎఫ్‌సీఆర్ దాదాపు 1.5. పైగా 80 శాతం అనుకుని రోజూ వేసే మేతలో కొంత తినేవాళ్లు లేక అడుగున కుళ్లి అమ్మోనియాగా మారుతుంది. డబ్బూ పోయింది, నీళ్లూ పాడయ్యాయి. వల బరువు చెబుతుంది గానీ ఎన్ని బతికాయో చెప్పదు. అది చెక్ ట్రేలో మిగిలే మేతను బట్టి, రోజూ రాసుకుంటేనే తెలుస్తుంది. నాలుగు రోజులు వరసగా ట్రేలో మేత మిగిలితే యాప్ మీకు గుర్తుచేస్తుంది. నేను ఈ పని నమ్మకంగా చేస్తున్నది ఈ ఒక్క విషయం కోసమే.

ఈ సాయంత్రం చెక్ ట్రే చూశాక ‘మిగిలింది’ లేదా ‘మిగల్లేదు’ నొక్కండి. సిగ్నల్ లేకపోయినా సేవ్ అవుతుంది.

సుధీర్

12వ రోజు, శుక్రవారం
సబ్జెక్ట్: ట్రయల్ ఎల్లుండితో అయిపోతుంది

రమణయ్య గారూ,

ఆదివారం రాత్రితో ట్రయల్ ముగుస్తుంది. మీరు కార్డు వివరాలు ఇవ్వలేదు కాబట్టి రూపాయి కూడా కట్ కాదు, ఆ టెన్షన్ వద్దు. పట్టుబడి పనుల్లో ఉంటే ‘తర్వాత’ అని ఒక్క మాట రిప్లై ఇవ్వండి, వచ్చే పంటకు సీడ్ వదిలే రోజు నుంచి మళ్లీ 14 రోజులు ఇస్తాను. యాప్ మీకు పనికిరాదనిపించినా ఎందుకో చెప్పండి.

రేపు ఉదయం పది తర్వాత నేను మీ వైపే వస్తున్నాను. రమ్మంటే గట్టు మీదే కూర్చుని మొదటి గుంట ఎక్కించేద్దాం.

సుధీర్