బుజ్జికి, హాస్టల్‌లో తలస్నానం సంగతి

బుజ్జీ, ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాసి పంపిస్తున్నాను. బీరువా తలుపు లోపలి వైపు అంటించుకో. నీ జుట్టేమో నడుము దాకా, ఒత్తుగా ఉంటుంది. మీ ఫ్లోర్‌లో పన్నెండు మందికి రెండే బాత్రూములు. గీజర్ పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకానే. నీళ్ళు బోరువి. ఇవన్నీ చూసుకునే ఇది రాశాను. వీడియోల్లో చూపించే సీరమ్‌లూ మాస్కులూ వీటిలో ఏ ఒక్కదానికీ జవాబు కాదు కాబట్టి వాటి ఊసు ఎత్తడం లేదు.

తలస్నానం వారానికి రెండు సార్లు. ఆదివారం పొద్దున ఆరున్నరకి, బుధవారం సాయంత్రం ఐదింటికి. ఆదివారం ఆ టైమ్‌కి హాస్టలంతా ముసుగు తన్ని పడుకుని ఉంటుంది, వేడినీళ్ళు మొత్తం నీవే. బుధవారం నీకు నాలుగింటికే క్లాసులు అయిపోతాయి, మిగతా వాళ్ళు వచ్చేలోపు పని కానిచ్చేయొచ్చు. ఆ పూట చన్నీళ్ళే అయినా ఫరవాలేదు. డిసెంబర్, జనవరి నెలల్లో చలికి సాయంత్రం జుట్టు ఆరదు, అప్పుడు బుధవారం మానేసి ఆదివారంతో సరిపెట్టుకో.

కాలేజీ ఉన్న రోజు పొద్దున మాత్రం తల తడపకు. వెనక క్యూలో వాళ్ళు తలుపు బాదుతుంటే షాంపూ సగం తలలోనే ఉండిపోతుంది, తడి జుట్టుకి జడేసుకుని బస్సెక్కుతావు. మధ్యాహ్నానికి జడ లోపల ముక్క వాసన, సాయంత్రానికి మాడు దురద. హాస్టల్ అమ్మాయిల్లో చాలామంది చుండ్రు అనుకునేది సగం ఇదే: సరిగ్గా కడగని షాంపూ, ఆరని జుట్టు.

శనివారం రాత్రి నూనె. కొబ్బరినూనె రెండు చెంచాలు చాలు. మాడుకి కొంచెం, ఎక్కువ భాగం పొడవుకి, చివర్లకి. నూనె పట్టిన వెంట్రుక తలస్నానంలో నీళ్ళు తక్కువ పీల్చుకుంటుంది, అందుకే తక్కువ తెగుతుంది. అంతేగానీ మాడు మీద ఎంత పోస్తే అంత పెరుగుతుందని కాదు. (అమ్మమ్మకి ఈ ముక్క చదివి వినిపించకు.) తెల్లటి పొట్టు రాలుతూ దురద ఉంటే మాడుకి నూనె పూర్తిగా ఆపేయి, చుండ్రు ఇంకా పెరుగుతుంది. దిండు మీద పాత చున్నీ వేసుకుని పడుకో. చలికాలంలో నూనె గడ్డ కడితే సీసాని వేడినీళ్ళ మగ్గులో ఐదు నిమిషాలు ఉంచు. బుధవారం నూనె అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని. రూమ్‌లోనే చిక్కు తీసుకుని వెళ్ళు, బాత్రూమ్‌లో ఆ టైమ్ దండగ. చిన్న ప్లాస్టిక్ బుట్టలో రెండు షాంపూ ప్యాకెట్లు, ఒక కండిషనర్ ప్యాకెట్, నాన్న పాత కాటన్ టీషర్ట్. ప్యాకెట్ల మూతి రూమ్‌లోనే కొంచెం కత్తిరించుకో, తడి చేతులకి అవి చచ్చినా చిరగవు. సీసాలు కొనొద్దన్నది కూడా ఇందుకే. అక్కడ మర్చిపోయిన సీసా మూడో రోజుకి తేలికైపోయి ఉంటుంది, ఎవర్నీ అడగలేం.

ముందు తల బాగా తడిసేదాకా నీళ్ళు పోసుకో. రెండు ప్యాకెట్లూ అర మగ్గు నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళని మాడు మీద కొంచెం కొంచెంగా పోసుకుంటూ వేళ్ళ కొసలతో రుద్దు, గోళ్ళతో కాదు. చెవుల వెనక, మెడ పైన వదిలేయకు. జుట్టంతా నెత్తి మీద కుప్పగా వేసి పిసకొద్దు, నురుగు కిందికి జారుతూ పొడవుని అదే శుభ్రం చేస్తుంది. నీళ్ళు పిండేసి, కండిషనర్ చెవుల దగ్గర నుంచి కిందికి మాత్రమే పెట్టు. అది నాననిచ్చే రెండు నిమిషాల్లో ఒళ్ళు రుద్దుకో. ఆ తర్వాత ఒక నిండు బకెట్ నీళ్ళు కడగడానికే. మొత్తం పదిహేను నిమిషాలు పడుతుంది. నీళ్ళు తగ్గేలా ఉంటే కండిషనర్ మానెయ్, కడగడంలో మాత్రం పిసినారితనం వద్దు.

బోరు నీళ్ళ వల్ల బట్టతల వస్తుందని మీ రూమ్మేట్ అంటోందిగా, రాదు. అందులోని ఉప్పులు జుట్టు మీద పేరుకుని గరుగ్గా, నిర్జీవంగా అనిపిస్తుంది, చిక్కు ఎక్కువ పడుతుంది. సబ్బుతో రుద్దితే జిడ్డుగా తెల్ల పొర కూడా కడుతుంది, కాబట్టి షాంపూ అయిపోయిందని తలకి సబ్బు వాడకు. కండిషనర్‌కి డబ్బులు పెట్టమన్నది ఈ నీళ్ళ వల్లే. కుంకుడుకాయలు మంచివే, కానీ నానబెట్టి, పిసికి, తొక్కలు వడకట్టడం ఆ బాత్రూమ్‌లో అయ్యే పని కాదు. ఇంటికి వచ్చినప్పుడు చూద్దాం.

బయటికి వచ్చే ముందు రాలిన వెంట్రుకలన్నీ ఏరి, ఉండ చేసి, ఖాళీ ప్యాకెట్‌లో కుక్కి చెత్తబుట్టలో వేసేయ్. గోడ టైల్‌కి అంటించి మర్చిపోయే వాళ్ళ జాబితాలో నువ్వు చేరకు. జాలీ మూసుకుపోయి నీళ్ళు నిలిస్తే వార్డెన్ ముందు చూసేది పొడుగు జడల వైపే.

టవల్‌తో విదిలించి కొట్టకుండా టీషర్ట్‌తో ఒత్తి తుడుచుకో. ఆదివారం డాబా మీద లేత ఎండలో, బుధవారం ఫ్యాన్ కింద ఆరనివ్వు. ముప్పావు వంతు ఆరాక పెద్ద పళ్ళ దువ్వెనతో కింద నుంచి పైకి చిక్కు తీసుకుంటూ రా. పూర్తిగా ఆరాకే జడ. రోజూ పడుకునేటప్పుడు వదులు జడ వేసుకో, కాలేజీకి మరీ బిగించి పైకి కట్టే పోనీటెయిల్ తగ్గించు, నుదుటి దగ్గర కుదుళ్ళు లాగేస్తుంది.

దువ్వెన ఎవరికీ ఇవ్వకు, ఎవరిదీ తీసుకోకు. మొహమాటంగా ఉంటే నా మీద నెట్టెయ్, అక్క తిడుతుందని చెప్పు. పదిహేను రోజులకోసారి పేల దువ్వెనతో దువ్వి చూసుకో. పేలు కనిపిస్తే రూమ్‌లో అందరూ ఒకే రోజు మందు పెట్టుకోవాలి. లేకపోతే అవి తలలు మార్చుకుంటూ తిరుగుతాయి. ఫార్మసీలో 1 శాతం పర్మెత్రిన్ అని అడుగు, పది నిమిషాలు ఉంచి కడిగి, వారం పది రోజులకి ఇంకోసారి. చుండ్రు గట్టిగా ఉంటే 2 శాతం కీటోకోనజోల్ షాంపూ, వారానికి రెండుసార్లు, నురుగు ఐదు నిమిషాలు ఉంచి. నెల వాడినా తగ్గకపోతే స్కిన్ డాక్టర్‌కి చూపిద్దాం.

ఇక జుట్టు గుత్తులు గుత్తులుగా ఊడుతోందని ఏడ్చావు కదా. జులైలో నీకు టైఫాయిడ్ వచ్చింది. పెద్ద జ్వరం తర్వాత రెండు మూడు నెలలకి ఇలా ఊడడం మామూలే. కొన్ని నెలల్లో తగ్గుతుంది, ఊడినదీ మళ్ళీ వస్తుంది. మామూలుగానే రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు ఊడతాయి. మూడు రోజులవి తలస్నానంలో ఒకేసారి కనిపిస్తాయి, అంత టెన్షన్ వద్దు. పాపిట వెడల్పవుతున్నా, రూపాయి బిళ్ళంత ఖాళీ కనిపించినా, నెలసరి తప్పుతున్నా మాత్రం వెంటనే ఫోన్ చెయ్. హిమోగ్లోబిన్ పరీక్ష ఎలాగూ ఒకసారి చేయిద్దాం. హాస్టల్‌లో ఇచ్చే గుడ్డు పక్కవాళ్ళకి దానం చెయ్యకు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకో, తిన్న వెంటనే టీ తాగకు.

ఖర్చు నెలకి తొమ్మిది తలస్నానాల లెక్కన: రెండు రూపాయల షాంపూ ప్యాకెట్లు పద్దెనిమిది, 36 రూపాయలు. ఐదు రూపాయల కండిషనర్ ప్యాకెట్లు తొమ్మిది, 45. మొత్తం 81. నూనె కొనకు, అమ్మ గానుగ నూనె సీసాలో పోసి పంపిస్తోంది, మూతకి టేపు వేయించాను. దసరాకి వచ్చినప్పుడు చివర్లు అంగుళం కత్తిరిస్తాను, అప్పటిదాకా రూమ్‌లో ఎవరి కత్తెరకీ తల అప్పగించకు.