ఒంటిమిట్ట రామయ్యకు ఆరు అక్షరాల భజన

పోయిన ఏడు ఒంటిమిట్ట కల్యాణానికి మా వీధి భజన వాళ్లం కడప నుంచి బస్సులో పోయాం. ఆ జనంలో పాటల నోటుబుక్కు ఎక్కడో జారిపోయింది. ఫోన్లో ఫొటోలు ఉన్నాయి గానీ, తాళాలు పట్టిన చేతులతో ఫోన్ పట్టుకునేదెట్లా? పైగా మాలో సగం మందికి చదువు రాదు. వరస తప్పింది, పాడిన చరణమే మళ్లీ పాడాం. "అంత వెన్నెల్లో రామయ్య ముందర నిలబడి తడబడితిమే" అని మా చిన్నమ్మ ఇల్లు చేరేదాకా బాధపడింది.

అందుకే ఈ ఏడు కాగితంతో పని లేని పాట రాశాను. శ్రీ, కో, దం, డ, రా, మ. ప్రతి చరణానికీ ఆరు పంక్తులు, పంక్తికో అక్షరం. స్వామి పేరు పలకడం వస్తే చాలు, తర్వాతి పంక్తి ఏదో ఆ పేరే చెబుతుంది.

పల్లవి

ఒంటిమిట్టలో ఒకడే రాముడు
ఓయని పిలిచిన ఓయను రాముడు

1

శ్రీసీతమ్మయు తమ్ముడు తోడుగ
కోవెల లోపల ఒకటే రాతిన
దండిగ వెలుగులు చిందే సామీ
డస్సిన కాళ్లకు నీడే నీ గుడి
రాతికి ప్రాణం పోసిన పాదం
మట్టిన నడిచిన మా రామయ్యా

2

శ్రీజానకి మెడ సూత్రం కట్టగ
కోరిన చంద్రుడు కొండను దాటెను
దంపతులను కని వెన్నెల కురిసెను
డప్పుల మోతకు ఊరే కదిలెను
రాతిరి పగలై ముత్యపు జల్లై
మనసులు తడిసెను మా రామయ్యా

3

శ్రీరామా యని మూడు మారులూ
కోవెల ముందర కేకను వేయగ
దండోరా వలె ఓయని పలుకగ
డప్పికి నీళ్లని బావిని తవ్వెను
రాముని మాటకు మతమేముండును
మమతే చాలుగ మా రామయ్యా

4

శ్రీహరి నీకీ సీమ తెలుసుగా
కోతల కందని చేలు తెలుసుగా
దంచిన కారం రాగి ముద్దతో
డబ్బులు చాలక సగమే తిన్నా
రామా అంటే కడుపే నిండును
మబ్బులు తోలుకు రా రామయ్యా

5

శ్రీపతి గుడికై చిప్పను పట్టిన
కోవిదు నాతని మనసున తలచీ
దండం పెడితిమి రెండు చేతులా
డగ్గుత్తికతో పిలిచే పిలుపున
రాగము తప్పిన తాళము తప్పిన
మన్నించవయా మా రామయ్యా

పంక్తికి పదహారు మాత్రలు, నాలుగేసి చొప్పున నాలుగు దెబ్బలు. ఆది తాళంలో మామూలు భజన నడకే కాబట్టి ఎవరికైనా వెంటనే పట్టుబడుతుంది. ముందు పాడేవాళ్లు అక్షరం ఒక్కటే అందిస్తారు, "శ్రీ" అని. మిగతావాళ్లు ఆ అక్షరంతో మొదలుపెట్టి పంక్తి మొత్తం పాడాలి. పల్లవికి మాత్రం అక్షరం అందించే పని లేదు, అది అందరి నోట్లో ఉండేదే.

నన్ను ఎక్కువ సతాయించింది "డ". శ్రీకీ, కోకీ, రాకీ, మకీ మాటలు కోకొల్లలు. దం కూడా దండిగానే దొరికింది. "డ"తో మొదలయ్యే మాటలు తెలుగులో తక్కువ, దేవుడి పాటలో ఒదిగేవి ఇంకా తక్కువ. రెండో చరణంలో మొదట "డోలుల మోతకు" అని రాశాను. చిన్నమ్మకు వినిపిస్తే వేళ్లు చూపించింది. ఆమె లెక్క కణుపుల మీద. చూపుడువేలి మూడు కణుపులూ శ్రీ, కో, దం. నడిమి వేలికి మారగానే డ, రా, మ. "వేలు మారేది అక్కడే కదమ్మా, నాకు డ కావాల, నువ్వు డో ఇస్తే ఎట్లా?" అంది. శివ పంచాక్షరిలో కూడా "న" అక్షరానికి "నాగేంద్రహారాయ" అనే ఉంది, దీర్ఘం వచ్చినా అక్షరం అదే అని చెప్పి చూశాను. ఆమె ఒప్పుకోలేదు. శాస్త్రం నా పక్కన ఉన్నా, పాడాల్సింది ఆమె కాబట్టి ఆమె మాటే నెగ్గింది. డోలు పోయి డప్పు వచ్చింది. ఊరి ఉత్సవానికి అదే బాగా కుదిరిందని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది.

ఆ పట్టుదల వల్లనే మరచిపోయిన మాటలు తిరిగొచ్చాయి. డస్సిన అంటే అలసి సొలసిన. డప్పి అంటే దప్పికే. డగ్గుత్తిక అంటే దుఃఖంతో పూడుకుపోయిన గొంతు. ఈ చివరి మాట దొరికిన రాత్రి ఐదో చరణం ఒక్క ఊపులో పూర్తయింది. గొంతు పూడినప్పుడు రాగం తప్పుతుంది, తాళం తప్పుతుంది. పోయిన ఏడు మాకు జరిగింది అదే. ఆ తప్పును దాచకుండా స్వామికి చెప్పుకోవాలనే అక్కడ పెట్టాను.

చరణాల్లోని కథలు మా పిల్లలకు తెలియాలి కాబట్టి రెండు మాటలు. ఒంటిమిట్ట గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉంటారు, అందుకే ఏకశిలానగరం అనే పేరు. పక్కన హనుమంతుడు ఉండడు. కల్యాణం రాత్రిపూట వెన్నెల్లో చేస్తారు. పగటి పెళ్లి చూసే భాగ్యం తనకు లేదని చంద్రుడు వేడుకుంటే స్వామి ఇచ్చిన వరమని పెద్దలు చెబుతారు. మూడో చరణంలో బావి తవ్వించినవారు ఇమాంబేగ్. మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగి, తానే మూడుసార్లు పిలిస్తే లోపల నుంచి "ఓ" అని వినబడిందట. ఆ బావి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. పల్లవిలో "ఓయను రాముడు" అన్నది ఆ కథను తలచుకునే.

ఐదో చరణంలో చిప్ప పట్టిన కోవిదుడు వావిలికొలను సుబ్బారావు గారు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్న పండితుడు, ఈ గుడి బాగు కోసం టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా భిక్ష ఎత్తారు. ఆ పంక్తి దగ్గర తాళాలు కాస్త తగ్గించి, మాట స్పష్టంగా వినబడేలా పాడమని మావాళ్లకు చెప్పాను.

నాలుగో చరణానికి మాత్రం వివరం అక్కర్లేదు, ఈ సీమలో పుట్టినవాళ్లకు తెలిసిందే. "తోలుకు రా" అనే మాట ఒకరిద్దరికి మొరటుగా తోచింది, "పంపుము రామా" అని మార్చమన్నారు. నేను మార్చలేదు. సాయంత్రం ఆవుల్ని ఇంటికి తోలుకొచ్చినట్టు మబ్బుల్ని మా చేల మీదికి తోలుకురమ్మని అడుగుతున్నాం, మా స్వామిని మా మాటలోనే అడుగుతాం.

నిన్న రాత్రి వీధి అరుగు మీద కరెంటు పోయిన చీకట్లో ఐదు చరణాలూ పాడాం. వేలు మారే చోట అందరూ ఒక్క క్షణం ఆగారు. చిన్నమ్మ బొటనవేలు నడిమి వేలి మొదటి కణుపు మీద పెట్టి "డ" అంది. పాట ముందుకు సాగింది.