విషయం: ఫిబ్రవరి 11 క్యాంపస్ డ్రైవ్ ఫలితాలు ఎప్పటికి వస్తాయో తెలియజేయగలరు

గుంటూరు,
మార్చి 9, 2026.

హెచ్‌ఆర్ మేనేజర్ మేడమ్ గారికి,

నమస్కారం. నా పేరు లావణ్య. గుంటూరులో బీటెక్ కంప్యూటర్ సైన్స్ నాలుగో సంవత్సరం, రెండో సెమిస్టర్‌లో ఉన్నాను. ఫిబ్రవరి 11న మా కాలేజీలో మీరు పెట్టిన డ్రైవ్‌లో ట్రైనీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఉద్యోగానికి రాత పరీక్ష, టెక్నికల్ రౌండ్, హెచ్‌ఆర్ రౌండ్ మూడింటికీ హాజరయ్యాను. ఫలితాలు ఫిబ్రవరి 25 కల్లా ప్లేస్‌మెంట్ సెల్‌కు పంపిస్తామని ఆ రోజు చెప్పారు. ఇంకా రాలేదు. అవి ఏ దశలో ఉన్నాయో, ఎప్పటికి రావచ్చో తెలుసుకోవాలని రాస్తున్నాను.

హెచ్‌ఆర్ రౌండ్‌లో మీరు నాతో తెలుగులోనే మాట్లాడారు కాబట్టి ఈ మెయిల్ కూడా తెలుగులోనే రాస్తున్నాను. ముందు మా ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గారిని అడిగాను. తనకూ ఏ కబురూ అందలేదని, నేరుగా అడగడంలో తప్పు లేదని ఆయన అన్నాకే రాస్తున్నాను. ఆయనకూ కాపీ పెట్టాను.

ఆలస్యానికి కారణాలు ఉంటాయని నాకు తెలుసు. మా కాలేజీ ఒక్కటే కాదు, విజయవాడ వైపు కాలేజీల్లో కూడా మీ డ్రైవ్‌లు జరిగాయని విన్నాను. అన్ని మార్కులూ ఒకచోట చేర్చాలి, ఖాళీలు ఎన్నో పైనుంచి ఖరారు కావాలి. వీటికి రోజులు పడతాయి. ఎందుకు ఆలస్యమైందని నిలదీయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ కొత్త తేదీ తెలియకపోవడం వల్ల మాకు నిజంగా ఒక ఇబ్బంది వచ్చింది. అది మీ దృష్టికి రాకపోయి ఉండొచ్చు.

మా కాలేజీలో ఒక విద్యార్థికి ఒకే ఆఫర్ అనే నియమం ఉంది. ఒక కంపెనీ చివరి రౌండ్ దాటి ఫలితం కోసం ఎదురుచూస్తున్నవాళ్లను, ఆ ఫలితం వచ్చేదాకా ఇంకో డ్రైవ్‌కు రిజిస్టర్ చేసుకోనివ్వరు. ఒకరే రెండు మూడు ఆఫర్లు పట్టుకుని కూర్చుంటే మిగతావాళ్లు నష్టపోతారు, అందుకే ఆ నియమం పెట్టారు. అది న్యాయమే. అయితే ఫలితం ఆగినప్పుడు మేం రెండువైపులా ఆగిపోతాం. మార్చి 13, శుక్రవారంతో ఇంకో కంపెనీ డ్రైవ్‌కు రిజిస్ట్రేషన్ ముగుస్తుంది. మీ దగ్గర చివరి రౌండ్ దాకా వచ్చిన మా అందరి పేర్లూ ఆ జాబితా బయటే ఉన్నాయి. మే నెలలో ప్రాజెక్ట్ వైవా అయిపోతే క్యాంపస్ అవకాశం అక్కడితో ముగుస్తుంది. ఆ తర్వాత హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో గది తీసుకుని ఎవరికి వారు వెతుక్కోవాల్సిందే. నా చదువుకు బ్యాంకు లోన్ ఉంది. కోర్సు అయ్యాక ఏడాది గడువు ఇస్తారు, ఆ తర్వాత వాయిదాలు మొదలవుతాయి. ఇది చెప్పి మార్కులు కలపమని అడగడం లేదు మేడమ్, నాకు తేదీ ఎందుకంత ముఖ్యమో మీకు అర్థం కావాలని చెబుతున్నాను.

ఇంకొక సంగతి మీకు తప్పకుండా తెలియాలి. గత వారం మా క్లాస్‌మేట్ ఒకమ్మాయికి ఫోన్ వచ్చింది. మీ కంపెనీ పేరు చెప్పి, నువ్వు సెలెక్ట్ అయ్యావు, ఆఫర్ లెటర్ రావాలంటే వెరిఫికేషన్ డిపాజిట్ కట్టాలి, జాయిన్ అయ్యాక తిరిగి ఇచ్చేస్తాం అన్నారట. డ్రైవ్ తేదీ, ఉద్యోగం పేరు కూడా సరిగ్గా చెప్పారు. మీ కంపెనీ ఎవరి దగ్గరా డబ్బు తీసుకోదని ప్రీ-ప్లేస్‌మెంట్ టాక్‌లో మీరు చెప్పిన మాట గుర్తుండబట్టి తను కట్టలేదు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పింది. తనకు ఫోన్ వచ్చిన నంబరు మా ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గారి దగ్గర ఉంది, మీకు కావాలంటే పంపిస్తారు. అసలు ఫలితం రాని రోజుల్లో ఇలాంటి ఫోన్‌ను నమ్మడం చాలా తేలిక. ఊళ్లో అమ్మానాన్నలు అప్పు చేసైనా కట్టేస్తారు. మీ దగ్గర్నుంచి అధికారికంగా ఒక్క మెయిల్ వచ్చినా, "ఫలితాలు ఇంకా ప్రకటించలేదు, ఎవరికీ డబ్బు కట్టవద్దు" అని ఉన్నా చాలు, ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

టెక్నికల్ రౌండ్‌లో నా ప్రాజెక్ట్ గురించి అడిగారు. మిర్చి యార్డుకు సరుకు తెచ్చిన రైతు తన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎన్ని అమ్ముడయ్యాయో, ఏ రకానికి క్వింటాలుకు ఎంత పలికిందో ఫోన్‌లో చూసుకునే అప్లికేషన్ అది. మా నాన్నగారు యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తా. సీజన్‌లో ఆయన రాసే చిట్టాలు చూసే ఆ ఆలోచన వచ్చింది. ప్యానెల్‌లోని సార్ ఒకరు, యార్డులో జనం ఎక్కువై నెట్ అందకపోతే గుమాస్తా ఎంట్రీలు ఏమవుతాయని అడిగారు. అప్పటికి ఆలోచన చెప్పాను, ఇప్పుడు చేసేశాను. ఎంట్రీలు ముందు ఫోన్‌లోనే సేవ్ అవుతాయి, నెట్ వచ్చాక సర్వర్‌కు వెళతాయి. ఒకే ఎంట్రీ రెండుసార్లు వెళ్లినా లెక్క రెండింతలు కాకుండా ప్రతిదానికీ ఫోన్‌లోనే ఒక ప్రత్యేక నంబరు ఇచ్చాను. తేజ, 334 రకాల మిర్చి లాట్లు నాలుగైదింటితో నాన్నగారి చేత వాడించి చూశాను, లెక్క ఆయన చిట్టాతో సరిపోయింది. ఆ ప్రశ్న వల్ల నా ప్రాజెక్ట్ బాగుపడింది. ఆ సార్‌కు నా కృతజ్ఞతలు చెప్పండి.

మీ దగ్గర పనిచేయాలన్న ఆసక్తి నాకు ఇప్పటికీ అంతే ఉంది. చెన్నై, హైదరాబాద్, ఎక్కడ పోస్టింగ్ ఇచ్చినా వస్తానని, షిఫ్టులకు అభ్యంతరం లేదని ఆ రోజు చెప్పాను. ఆ మాట మారలేదు. బ్యాక్‌లాగ్‌లు లేవు. నాలుగో సంవత్సరం మొదటి సెమిస్టర్ వరకు మార్కుల మెమోలు సిద్ధంగా ఉన్నాయి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ మాత్రం చివరి సెమిస్టర్ ఫలితాల తర్వాతే ఇస్తారు.

నేను కోరేది ఇంతే మేడమ్. ఫలితం తేలి ఉంటే, ఎంపిక కాకపోయినా సరే, ఆ మాట చెప్పండి. కాలేదంటే బాధపడతాను గానీ, శుక్రవారం లోపు తెలిస్తే ఇంకో డ్రైవ్‌కు సిద్ధం కాగలను. వెయిటింగ్ లిస్ట్‌లో ఉంటే అదైనా చెప్పండి. ఇంకా తేలకపోతే కొత్త తేదీ చెప్పి, ఈలోపు మేం వేరే డ్రైవ్‌కు హాజరైతే మీకు అభ్యంతరం లేదని మా ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గారికి ఒక మెయిల్ పెట్టండి. మీ అభ్యంతరం లేకపోతే మా పేర్లు చేరుస్తానని ఆయన అన్నారు. శుక్రవారం మధ్యాహ్నం లోపు అందితే మా అందరికీ పనికొస్తుంది.

నా ఫోన్ నంబరు, మెయిల్ అడ్రస్ దరఖాస్తులో ఇచ్చినవే. స్పామ్ ఫోల్డర్ కూడా రోజూ చూస్తున్నాను. ఫోన్ చేయాలనుకుంటే ఏ వేళైనా పర్వాలేదు, క్లాసులో ఉన్నా బయటికి వచ్చి మాట్లాడతాను.

డ్రైవ్ రోజు నా వంతు వచ్చేసరికి చీకటి పడింది. పొద్దుటి నుంచి ఇంటర్వ్యూలు చేస్తూ కూడా మీరు తొందరపెట్టకుండా నేను చెప్పిందంతా విన్నారు. దానికి మీకు ధన్యవాదాలు.

ఇట్లు,
లావణ్య
బీటెక్ (సీఎస్‌ఈ), నాలుగో సంవత్సరం
గుంటూరు

కాపీ: ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గారికి