క్వాంటమ్ కంప్యూటింగ్ ఎం.ఎస్సీ. ప్రవేశానికి దరఖాస్తు లేఖ

కావలి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా,
18-05-2026.

విభాగాధిపతి గారికి, ప్రవేశాల కమిటీ సభ్యులకు,

విషయం: ఎం.ఎస్సీ. క్వాంటమ్ కంప్యూటింగ్ కోర్సులో సీటు కోసం దరఖాస్తు.

అయ్యా / అమ్మా,

నమస్కారం. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కింద ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ చదివి 2024లో బి.ఎస్సీ. పూర్తి చేశాను. ప్రస్తుతం కావలిలోనే ఇంటర్ పిల్లలకు సాయంత్రం ఫిజిక్స్ ట్యూషన్ చెబుతున్నాను. లేఖ తెలుగులో రాసినా ఫరవాలేదని మీ ప్రకటనలో ఉంది కాబట్టి, నేను ఆలోచించే భాషలోనే రాస్తున్నాను. మార్కుల వివరాలు జత చేసిన కాగితాల్లో ఉన్నాయి. ఈ లేఖలో ముఖ్యంగా ఒక చిన్న ప్రాజెక్టు గురించి చెబుతాను. నేను ఈ కోర్సుకు ఎందుకు రావాలనుకుంటున్నానో దాన్ని చూస్తే తెలుస్తుంది.

డిగ్రీలో మాకు క్వాంటమ్ మెకానిక్స్ అంటే ష్రోడింగర్ సమీకరణం, పెట్టెలో కణం, అంతవరకే. పరీక్షలో డెరివేషన్ రాస్తే మార్కులు పడేవి. అదే సమయంలో గణితంలో లీనియర్ ఆల్జీబ్రా చదివాం. ఈ రెండూ ఒకే విషయమని ఏ పుస్తకమూ గట్టిగా చెప్పలేదు. ఆ సంగతి నాకు నేనే రుజువు చేసుకోవాలని పైథాన్‌లో ఒక క్వాంటమ్ సర్క్యూట్ సిమ్యులేటర్ రాశాను. రెడీమేడ్ లైబ్రరీ వాడకుండా, నంపై ఒక్కటే పెట్టుకుని మొదలుపెట్టాను.

పాఠ్యపుస్తకం పద్ధతిలో అయితే ప్రతి గేటునూ టెన్సర్ లబ్ధంతో పూర్తి మాత్రికగా పెంచి, స్థితి వెక్టర్‌తో గుణించాలి. కాగితం మీద ఇది అందంగా ఉంటుంది, కంప్యూటర్‌లో మాత్రం మెమరీని మింగేస్తుంది. 13 క్యూబిట్లకే ఆ మాత్రిక 1 జీబీ, 14కి 4 జీబీ. నాది 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. నిజానికి ఒక క్యూబిట్ మీద పనిచేసే గేటు, ఆ క్యూబిట్ 0గా ఉన్న ఆంప్లిట్యూడ్‌నూ 1గా ఉన్న ఆంప్లిట్యూడ్‌నూ జతలు జతలుగా కలుపుతుంది, అంతే. మిగతా క్యూబిట్ల జోలికి పోదు. కాబట్టి పెద్ద మాత్రిక కట్టకుండా వెక్టర్ ఆకారం మారిస్తే చాలు:

```python
def apply_gate(state, U, k, n):
    psi = state.reshape(2**(n-k-1), 2, 2**k)
    return np.einsum('ab,ibj->iaj', U, psi).reshape(-1)
```

మొత్తం ప్రోగ్రాంలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. దీంతో అదే ల్యాప్‌టాప్ మీద 27 క్యూబిట్ల దాకా వెళ్లగలిగాను. 28కి వెక్టర్ ఒక్కటే 4 జీబీ అవుతుంది, లెక్క నడవాలంటే పాతదీ కొత్తదీ రెండూ మెమరీలో ఉండాలి. అక్కడితో ఆగింది. క్యూబిట్ పెరిగినప్పుడల్లా మెమరీ రెట్టింపవుతుందని చదవడం వేరు, టాస్క్ మేనేజర్‌లో ఆ గీత పైకి లేచి మెషిన్ బిగుసుకుపోవడం చూడటం వేరు. చిన్న సర్క్యూట్ల ఫలితాలను కిస్‌కిట్‌తో పోల్చి చూసుకున్నాను. అందులో సున్నా నంబరు క్యూబిట్ కుడి చివర ఉంటుంది, నా ప్రోగ్రాంలోనూ అదే వరస పెట్టుకున్నాను.

అసలు విషయం దీని తర్వాత మొదలైంది. 1996లో లవ్ గ్రోవర్ ఇచ్చిన శోధన అల్గారిథమ్‌ను మూడు క్యూబిట్ల మీద నడిపాను. ఎనిమిదింటిలో గుర్తు పెట్టిన ఒకదాన్ని పట్టుకోవాలి. ఒక ఆవృత్తి తర్వాత అది దొరికే సంభావ్యత 0.781, రెండో ఆవృత్తికి 0.945. మూడో ఆవృత్తికి 0.330కి పడిపోతుంది. ఎక్కువ సేపు వెతికితే ఫలితం చెడిపోవడం మా ట్యూషన్ పిల్లలకు భలే వింతగా అనిపించింది. వెక్టర్ తిరిగే కోణం బోర్డు మీద గీసి చూపిస్తే వెంటనే అర్థం చేసుకున్నారు.

ఇదంతా తప్పులు చేయని యంత్రం లెక్క. అసలు యంత్రంలో ప్రతి గేటూ కొంత చెడగొడుతుంది. అందుకే ప్రతి సీనాట్ గేటు తర్వాత p సంభావ్యతతో యాదృచ్ఛికంగా ఒక పౌలీ దోషం చొప్పించి, ఒక్కో సెట్టింగ్‌కు పదివేల సార్లు నడిపి సగటు తీశాను. మూడు క్యూబిట్లే కాబట్టి డెన్సిటీ మాత్రికతో విడిగా లెక్కగట్టి సరిచూసుకోవడం కూడా కుదిరింది. నా సర్క్యూట్‌లో ఒక్కో ఆవృత్తికి 12 సీనాట్‌లు పడతాయి. దోషం తగిలిన ప్రతిసారీ స్థితి పూర్తిగా చెదిరిపోతుందని మొరటుగా అనుకుంటే, ఒక ఆవృత్తి మొత్తం దోషం లేకుండా గడిచే అవకాశం f = (1-p)^12. అప్పుడు మొదటి ఆవృత్తి ఫలితం 0.125 + 0.656f, రెండోదానిది 0.125 + 0.820f². ఈ రెండూ f = 0.8 దగ్గర, అంటే p దాదాపు 1.8 శాతం దగ్గర సమానమవుతాయి. దోషం అంతకు మించితే రెండో ఆవృత్తి లాభం కాదు, నష్టం. సిమ్యులేషన్‌లోనూ ఈ మలుపు రెండు శాతం చుట్టుపక్కలే వచ్చింది. విజయ సంభావ్యతలు మాత్రం నా సూత్రం చెప్పినదానికన్నా కాస్త ఎక్కువగా వచ్చాయి. కారణం, ప్రతి దోషమూ అంతా పాడుచేయదు. కొలతకు సరిగ్గా ముందు వచ్చే జెడ్ దోషం లాంటివి ఫలితాన్ని తాకనే తాకవు. ఏ దోషం ఎక్కడ పడితే ఎంత నష్టమో విడదీసి చూడాలని ఉంది. కానీ అది పద్ధతిగా చేయడానికి నా చదువు చాలదు.

2025లో అమరావతికి 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రం వస్తుందని ప్రకటించినప్పటి నుంచి మా ఊళ్లో కూడా క్వాంటమ్ మాట వినబడుతోంది. అందరూ అడిగేది ఎన్ని క్యూబిట్లు అనే. రెండు క్యూబిట్ల గేటులో దోషం ఎంత, ఆ దోషాలతో ఎంత లోతు సర్క్యూట్ నడపగలం అన్నవి నా ప్రశ్నలు. మీ సిలబస్‌లో ఓపెన్ క్వాంటమ్ సిస్టమ్స్, ఎర్రర్ కరెక్షన్ రెండూ ఉన్నాయి, ల్యాబ్ కూడా ఉంది. అందుకే ఈ ఒక్క కోర్సుకే దరఖాస్తు పెడుతున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇది దగ్గరి దారి అని కొందరు సలహా ఇచ్చారు, నా ఉద్దేశం అది కాదు.

నాకు రానివి కూడా ముందే చెప్పడం మంచిది. గ్రూప్ థియరీ చదవలేదు. క్రయోజెనిక్ పరికరాలు ఫోటోల్లో తప్ప చూడలేదు. సీ++ డిగ్రీలో చదివినంత వరకే వచ్చు. కోర్సు మొదలయ్యేలోపు సంభావ్యతా శాస్త్రం, కాంప్లెక్స్ వేరియబుల్స్ మళ్లీ తిరగేస్తున్నాను.

డిగ్రీ సర్టిఫికెట్, మార్కుల జాబితా, మా ఫిజిక్స్ లెక్చరర్ గారి సిఫారసు లేఖ, ప్రోగ్రాం కోడ్, గ్రాఫులతో కూడిన ఆరు పేజీల రిపోర్టు జత చేశాను. హాస్టల్ అవసరం ఉంటుంది, ఫీజు రాయితీ దరఖాస్తు విడిగా పంపాను. ఇంటర్వ్యూ నేరుగా అయినా ఆన్‌లైన్‌లో అయినా నాకు ఇబ్బంది లేదు. ఆన్‌లైన్ అయితే ఉదయం పూట పెట్టగలిగితే మేలు, ట్యూషన్ తరగతులు సాయంత్రం అయిదు నుంచి ఉంటాయి.

ఇట్లు,
భవదీయ,
పి. మాధవి

జతపరచినవి: పైన చెప్పిన అయిదు.