గుత్తి రోడ్డు గానుగ: సంక్రాంతి ప్రకటన స్క్రిప్టు

(ఎపిసోడ్ మధ్యలో చదవాలి. బోరు మోటరు శబ్దం ఆగినాక మొదలు. వెనక సంగీతం వద్దు.)

ఆగన్నా, ఆగు. బోరును ఆరునూర్ల అడుగుల దగ్గరే ఆపి పెట్టు. నీళ్లు పడినాయా, దుమ్ము లేసిందా అనేది ఇంకో నాలుగు నిమిషాల్లో విందాం. అంతలోపల ఈ మైకుకు కూలి కట్టేవాళ్ల మాట ఒకటి చెప్పాల.

అవునప్పా, ఇది ప్రకటనే. డబ్బులు తీసుకునే చదువుతాండా. ఇచ్చింది అనంతపురంలో గుత్తి రోడ్డు గానుగ వాళ్లు. వాళ్లు అడిగినప్పుడు నేను ఒకటే మాట అన్నా: "ఒకరోజు పొద్దున్నే వచ్చి మీ గానుగ కాడ కూర్చుంటా. నచ్చితే చదువుతా, లేదంటే టీ తాగి పోతా."

పోయినా. ఎద్దు ఉంటుందేమో అనుకున్నా, లేదు, మోటరే. కానీ రోలూ రోకలీ కట్టెవే. బుడ్డల పప్పు పోస్తే మొదట పొడి పొడిగా తిరిగింది. ఆ పెద్దాయన చేత్తో కాసిన్ని నీళ్లు చిలకరించినాడు. కొంచేపటికి ముద్ద కట్టింది. అప్పుడు రోకలి చుట్టూ సన్నగా మెరిసింది చూడు, అదే నూనె. అంగడంతా వేయించిన బుడ్డల వాసన, వేయించకుండానే. నేను నూనెను చూస్తాంటే ఆయన వెచ్చటి చెక్క ముక్క విరిచి, పైన చిటికెడు బెల్లం పెట్టి ఇచ్చినాడు. చిన్నప్పుడు మా జేజి ఇట్లే ఇస్తాండె. ఇంక నేను ఒప్పుకోక ఏం చేస్తా?

ఇప్పుడే ఎందుకు చెప్తాండానంటే, జూన్, జూలైలో వేసిన కాయ అక్టోబరు, నవంబరులో పీకి, ఎండబెట్టి, ఒలిచి ఇప్పటికి గానుగకు వస్తాది. కదిరి పరిశోధన స్థానం వాళ్లు ఇచ్చిన కే-సిక్స్ రకం మీకు తెలిసిందే, మన చేలల్లో ఆ పేరు తెలియని రైతు ఉండడు. ఆ కొత్త కాయ నూనెతోనే ఈసారి సంక్రాంతి నిప్పట్లు, కజ్జికాయలు కాల్చుకోవచ్చు. మా ఇంట్లో అయితే అంతవరకు ఆగలేదు. పోయిన ఆదివారమే ఉగ్గానికి బజ్జీలు వేసినారు. నాకు రెండే దొరికినాయి, అది వేరే కత.

రెండు మాటలు దాచకుండా చెప్తా. ఒకటి, రేటు ఎక్కువే. లీటరు 340 రూపాయలు. లీటరు నూనె రావాలంటే రెండున్నర కిలోల పప్పు దాకా పడతాది, లెక్క మీరే వేసుకోండి. రెండు, డబ్బా అడుగున కొంచెం మడ్డి దిగుతాది. చెడిపోయిందని నాకు ఫోను చేయొద్దండి. నూనెను శుద్ధి చేయలేదు కాబట్టి దిగుతాది, పైనది వంచుకుంటే సరి. ఇంట్లో ఎవరికైనా బుడ్డలు పడవంటే మాత్రం ఈ నూనె జోలికి పోవద్దు.

ఇంక సంక్రాంతి బేరం. ఐదు లీటర్ల డబ్బా 1700 రూపాయలు. మన శ్రోతలకు 1500. పైన కాల్ కిలో చెనిక్కాయల పొడి ఉచితం, ఎండుమిరపకాయ, తెల్లగడ్డ వేసి దంచింది. ఈ ధర జనవరి 10 దాకానే. ఇంటికి ఒక డబ్బాకే తగ్గింపు, రెండోదానికి మామూలు రేటు.

దానికి కోడు కావాల. వాళ్లు నా పేరు పెడదామన్నారు. నా పేరు ఎవరికి గుర్తుంటాదప్పా? హైదరాబాదులో ఉన్నప్పుడు అంగట్లో "బుడ్డలు ఉన్నాయా" అని అడిగితే నా మొహం చూసి నవ్వినారు, పల్లీలు అనాలంట. ఆ నవ్వుకు బదులుగా ఇదే కోడు పెట్టించినా: BUDDALU. బి, యు, డి, డి, ఎ, ఎల్, యు. డి రెండుసార్లు కొట్టాల. ఒక్క డి కొడితే తగ్గింపు రాదు.

ఆర్డరు పెట్టే లింకు కింద ఇచ్చినా. డబ్బు కట్టే ముందు కోడు గడిలో BUDDALU కొట్టండి, 200 తగ్గుతాది. అనంతపురం టౌనులో అయితే మరుసటి రోజుకు ఇంటికే తెచ్చిస్తారు. కర్నూలు, కడప, బెంగళూరుకు పార్సిలు, మూడు నాలుగు రోజులు పడతాది, ఛార్జీ వేరే. బెంగళూరోళ్లు చివరి రోజు దాకా ఆగొద్దండి, పండగకు మీరు ఊరికొచ్చేస్తారు, డబ్బా అక్కడ వాచ్‌మన్ కాడ ఉంటాది.

లింకులూ గింకులూ మాకు రావంటారా? నేరుగా అంగడికి పోండి. గల్లా కాడ నిలబడి "బుడ్డలు" అనండి, చాలు. సిగ్గుపడకుండా గట్టిగా అనాల.

గుత్తి రోడ్డు గానుగ, కోడు BUDDALU, జనవరి 10 దాకా.

ఆ, చెప్పన్నా. ఆరునూర్ల అడుగులు. డ్రిల్లు ఆపమని ఇంట్లో వాళ్లు అంటాండారు, నువ్వేమన్నావు?

(మోటరు శబ్దం మళ్లీ మొదలు.)